పేరు చెప్పినదే ట్యాగ్‌లైన్ చెబితే?

సందేహం: అనంతపురంలో శనక్కాయల నూనె గానుగ పెడుతున్నాం. పేరు ‘స్వచ్ఛ గానుగ నూనెలు’. కింద ‘స్వచ్ఛమైన గానుగ నూనెలకు చిరునామా’ అని రాయించబోతే, చెప్పిందే చెప్పినట్లుందని బోర్డు రాసే ఆయన అన్నాడు. ‘స్వచ్ఛమైన’ తీసి ‘కల్తీలేని’ అని పెడితే సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. మాట మారినా అర్థం మారలేదు. శబ్ద పునరుక్తి పోయి అర్థ పునరుక్తి మిగులుతుంది. బోర్డు రాసే ఆయన చెవి మంచిదే!

అసలు చిక్కు పేరులోనే ఉంది. సరుకు, దాని గుణం రెండూ పేరే చెప్పేస్తే కింది వాక్యానికి పని మిగలదు. పైగా సరుకు గుణాన్ని మాత్రమే తెలిపే మాటలను 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం సాధారణంగా నమోదుకు ఒప్పుకోదు. కాబట్టి ‘స్వచ్ఛ’ను వదిలేయండి. ఉదాహరణకు ‘జేజి గానుగ’ అనుకుందాం. జేజి అంటే అవ్వ అని మీ సీమలో ఎవరికీ వివరించనక్కరలేదు.

ఇప్పుడు దీని కింద ‘పాతకాలపు రుచి’ అని రాశారనుకోండి. ఒక్క మాటా మళ్లీ రాలేదు కానీ ఇదీ పునరుక్తే. జేజి అనగానే పాతకాలం వచ్చేసింది. పేరు స్ఫురింపజేసే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చాలామంది జారిపడేది ఇక్కడే.

పోనీ ‘నమ్మకానికి మారుపేరు’ అందామా? ఇందులో పునరుక్తి లేదు, కానీ పొత్తూ లేదు. ఆ వాక్యాన్ని పక్కనున్న బట్టల దుకాణం బోర్డు కింద పెట్టి చూడండి, అక్కడా చక్కగా అతుకుతుంది. అలా అతికిందంటే అది మీది కాదు. (అయినా ఒక పేరు కింద ‘మారుపేరు’ రాయడమేమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు.)

పేరు చెప్పకుండా వదిలిందేమిటి? ఏ గింజల నూనె, కొనేవాడు ఏం చేయాలి అన్నవి. ఊళ్లవాళ్లు సొంత కాయలు తెచ్చి ఆడించుకునే ఏర్పాటు మీ దగ్గర ఉంటే ఇలా రాయవచ్చు:

జేజి గానుగ
శనక్కాయలు తెచ్చుకోండి, ఎదుటే ఆడించుకోండి

‘గానుగ’ పైన ఉంది కనుకనే ‘ఆడించుకోండి’ అన్నది నూనె గురించేనని తెలుస్తుంది. ఆ క్రియ ఉంది కనుక పేరు వట్టి పేరుగా మిగలదు. నామపదం కింద మరో నామపదం పెడితే బోర్డు మీద రెండు దుకాణాల పేర్లున్నట్లు కనిపిస్తుంది. క్రియతో ముగిస్తే ఆ చిక్కు రాదు. రేపు నువ్వులు కూడా ఆడిస్తే కింది వాక్యం మార్చుకోవచ్చు, పేరు జోలికి పోనక్కరలేదు.

సీసాల్లో పోసి బయటి ఊళ్లకు పంపితే మాత్రం ఈ వాక్యం పనికిరాదు. అక్కడ కాయలు తెచ్చేవారెవరు? లేబులు మీద ‘అనంతపురం శనక్కాయల నూనె’ అంటే చాలు, ఆ కాయలు నిజంగా అక్కడివే అయితే. లేబులు మీద ‘స్వచ్ఛం’, ‘సహజం’ వంటి మాటలకు ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల్లో షరతులున్నాయి. అచ్చుకు ఇచ్చేముందు అవి చూసుకోండి.