షట్టరుకు ఏ తాళం: ఇత్తడా, హార్డెన్డ్ స్టీలా, జింకు మిశ్రమమా?

ప్రశ్న: కాకినాడలో సముద్రానికి దగ్గర్లో షాపు ఉంది. షట్టరుకి, గేటుకి ఏ తాళం కప్ప కొనాలి? కోతకీ తుప్పుకీ ఏది ఆగుతుంది?

ఇత్తడి కప్ప, హార్డెన్డ్ స్టీలు కడ్డీ ఉన్నది తీసుకోండి. దొంగ కోసేది ఎక్కువగా కప్పను కాదు, పైన వంపు కడ్డీని. 8 మి.మీ. మామూలు ఉక్కు కడ్డీని రెండడుగుల బోల్ట్ కట్టరు కొరికేస్తుంది. షట్టరుకైతే 10 మి.మీ.కి తగ్గొద్దు. కొనేముందు కడ్డీ మీద ఆకురాయి ఒక్కసారి గీయండి: పట్టకుండా జారిపోతే గట్టిపరిచిన ఉక్కే, గాడి పడితే వదిలేయండి.

ఇత్తడిలో ఇనుము లేదు కాబట్టి ఉప్పుగాలికి నల్లబడుతుందే గానీ తుప్పు పట్టదు. పూర్తి స్టీలు కప్ప కోతకు ఇంకా గట్టిది, కానీ పైపూత లేచిన చోట తుప్పు మొదలై లోపలి పిన్నులు బిగుసుకుంటాయి. అది వాన పడని లోపలి గేటుకు బాగుంటుంది.

జింకు మిశ్రమం అచ్చు పోసిన లోహం. చవక, ఎర్రతుప్పు పట్టదు, కానీ సుత్తి దెబ్బకు పగులుతుంది. షట్టరుకు వద్దు.

ఏ కప్పకైనా తాళంచెవి రంధ్రంలో నూనె పోయకండి, దుమ్ము ముద్దకడుతుంది. గ్రాఫైట్ పొడి వేయండి. కడ్డీకి మాత్రం నెలకోసారి నూనెగుడ్డ చాలు. అన్నట్టు, తాళం వేసే కొండీ పలచని రేకైతే దొంగ ముందు దాన్నే కోస్తాడు.