ప్రొఫైల్ ఫోటో తీయించుకోండి, ఎంపిక మాత్రం వేరేవాళ్లకు వదిలేయండి

ప్రశ్న: ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్ కన్సల్టింగ్ మొదలుపెట్టాను. లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌కి ఏ ఫోటో పెట్టాలో, వెనక బ్యానర్‌లో ఏం పెట్టాలో తేలడం లేదు. స్టూడియోలో తీయించుకున్నది ఒకటి, సెల్ఫీలు కొన్ని ఉన్నాయి. చూడగానే నమ్మదగిన మనిషి అనిపించాలంటే ఎలాంటివి పెట్టాలి?

జవాబు:

మీకు తేలడం లేదంటున్నారు. నాకు చాలా సులువుగా తేలింది, అక్కడే తప్పు జరిగింది.

నేను చిన్న తయారీ సంస్థలకు సరుకు నిల్వల విషయంలో సలహాలిస్తాను. మొదట్లో నా ప్రొఫైల్‌లో ఉన్నది స్టూడియో ఫోటో. ముదురు రంగు కోటు, చేతులు కట్టుకుని నిలబడడం, ముఖం మీద ఒక్క మచ్చ కూడా లేకుండా నున్నగా చేసిన ఎడిటింగ్. నాకు భలే నచ్చింది. అప్పటికే అది ఆరేళ్ల నాటిది. ఒకసారి కొత్త క్లయింటుతో వీడియో కాల్ మొదలైంది. ఆయన నన్ను చూసి ఒక క్షణం ఆగి, "ప్రొఫైల్‌లో ఉన్నది మీరేనా?" అన్నారు. ఇద్దరం నవ్వేశాం కానీ మొదటి ఐదు నిమిషాలు దానికే పోయాయి. ఆ పని నాకు రాలేదు. ఫోటో వల్లే రాలేదని చెప్పను, నా ఫీజు ఎక్కువనిపించింది ఆయనకు. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఎదుటివాళ్లు తమ స్టాకు లెక్కల్లోని తప్పులన్నీ దాచకుండా నాకు చూపించాలి, నా పని అలాంటిది. నేనేమో ముఖం దగ్గరే తేడా చూపిస్తున్నాను.

దాంతో కొత్త ఫోటోలు తీయించుకున్నాను. ఈసారి స్టూడియోకి వెళ్లలేదు, ఫోన్‌తో స్నేహితుడొకరు తీశాడు. సెల్ఫీ ఎందుకు వద్దో ముందు చెబుతాను. చెయ్యి చాచి తీసుకుంటే కెమెరా ముఖానికి అర మీటరు దూరంలో ఉంటుంది. అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. ఇది లెన్సు నాణ్యత సమస్య కాదు, కేవలం దూరం వల్ల వచ్చేది. 2012లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, అవే ముఖాలను 45 సెంటీమీటర్ల నుంచి, 135 సెంటీమీటర్ల నుంచి తీసి జనానికి చూపించారు. దగ్గర నుంచి తీసిన వాటికి నమ్మకం విషయంలో తక్కువ మార్కులు పడ్డాయి. ముఖం అదే, మారింది దూరం మాత్రమే.

అందుకని మా వాణ్ని ఒకటిన్నర మీటరు దూరంలో నిలబెట్టాను. వెనక కెమెరా, 2x జూమ్, ఫోన్ నా కళ్ల ఎత్తులో. నేను కిటికీకి ఎదురుగా, కాస్త పక్కకి తిరిగి నిలబడ్డాను. నేరుగా ఎండ పడని కిటికీ అయి ఉండాలి. గదిలో లైట్లు ఆపేశాం, లేకపోతే ముఖంలో ఒక వైపు పసుపుగా, ఇంకో వైపు నీలంగా వస్తుంది. వెనక గోడ నాకు మీటరున్నర దూరంలో ఉంది కాబట్టి నీడ పడలేదు. బ్యూటీ ఫిల్టరు, పోర్ట్రెయిట్ మోడ్ రెండూ తీసేశాం. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక భాగం మసకబారేటప్పుడు కళ్లజోడు కాడలు, చెవి అంచులు కూడా కొంత మాయమవుతుంటాయి. ఎక్కడ తేడా ఉందో చూసేవాళ్లకు తెలియకపోయినా ఏదో అతికించినట్టు అనిపిస్తుంది. అన్నట్టు, మీరు రోజూ కళ్లజోడు పెట్టుకునేవాళ్లయితే ఫోటోలోనూ పెట్టుకోండి. అద్దాల మీద కిటికీ మెరుపు కనిపిస్తుంటే గడ్డం రవ్వంత కిందికి దించితే చాలు.

మొదటి పది ఫోటోలూ పాస్‌పోర్టు ఫోటోల్లా వచ్చాయి. అప్పుడు మా వాడు నొక్కుతూనే, "నువ్వు మొన్న చెప్పిన ఆ గోడౌన్ గొడవ ఏమైంది?" అని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను, వాడు నొక్కుతూనే ఉన్నాడు. మొత్తం నలభై దాకా అయ్యాయి. పనికొచ్చినవన్నీ ఆ మాటల మధ్య పడినవే.

అందులోంచి ఐదు విడిగా పెట్టాను. ఒకటోది నాకు బాగా నచ్చింది: పెదవులు మూసుకుని, గంభీరంగా. మూడోది అసలు పెట్టకూడదనుకున్నాను. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఒక కనుబొమ పైకి లేచింది, జుట్టు ఒక పక్కకి పోయింది. మా వాడి పోరు పడలేక ఉంచాను.

తర్వాత నన్ను ఎప్పుడూ చూడని తొమ్మిది మందికి, తెలిసినవాళ్ల ద్వారా ఆ ఐదూ పంపించాను. "ఏది బాగుంది?" అని మాత్రం అడగలేదు. అలా అడిగితే అందంగా ఉన్నది చెబుతారు. "మీ వ్యాపారం లెక్కల ఫైలు ఈ మనిషి చేతికి ఇవ్వాలి. ఏ ఫోటోలో ఉన్న మనిషికైతే ఇస్తారు?" అని ఒకే ప్రశ్న పంపాను. ఒకరి జవాబు ఇంకొకరికి కనిపించకుండా విడివిడిగా అడగడం ముఖ్యం, గ్రూపులో పెడితే మొదట చెప్పినవాడి వెంటే అందరూ వెళ్తారు. ఆరుగురు మూడోది అన్నారు. ఇద్దరు ఐదోది. నాకు నచ్చిన ఒకటోదానికి ఒక్క ఓటు పడింది. ఎందుకని అడిగితే ఒకాయన, "ఒకటోదాంట్లో మీరు నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నట్టుంది, మూడోదాంట్లో నేను చెప్పేది వింటున్నట్టుంది" అన్నారు.

ఇది నా ఒక్కడి సంగతే అనుకున్నాను. కాదట. 2017లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించారు. ఎవరి ఫోటోలు వాళ్లు ఎంచుకున్నప్పటికంటే, ముక్కూమొహం తెలియనివాళ్లు ఎంచినప్పుడు చూసేవాళ్లకు మెరుగైన అభిప్రాయం కలిగింది. కారణాల్లో ఒకటి నాకు అర్థమైనంతవరకు అద్దమే. మనం రోజూ చూసుకునేది కుడిఎడమలు తారుమారైన ముఖం. ఫోటోలో అది సరిగ్గా ఉండేసరికి మనకి వంకరగా కనిపిస్తుంది. నా జుట్టు "ఒక పక్కకి పోయింది" అనుకున్నానే, అది ఎప్పుడూ ఉండే పక్కకే ఉంది! మిగతా లోకానికి ఆ ముఖమే అలవాటు. పైగా మన ఫోటోలో మనం వెతికేది పాత లోపాలను, ఎదుటివాళ్లు చూసేది ముఖంలోని భావాన్ని.

ఇంట్లోవాళ్లను అడిగితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. వాళ్లకు మీరు ముందే తెలుసు, ఏ ఫోటోలోనైనా ఆ తెలిసిన మనిషినే చూస్తారు.

ఎంపికయ్యాక కత్తిరింపు ఉంది. చతురస్రంగా, తల నుంచి భుజాల వరకు ఉంచి, ఫ్రేములో సగానికి పైగా ముఖమే ఉండేలా చూసుకోండి. సైటు దాన్ని గుండ్రంగా కోస్తుంది కాబట్టి మూలల్లో ఏమున్నా పోతుంది. ఆ తర్వాత ఫోన్‌లో దాన్ని చిటికెన వేలి గోరంత చిన్నది చేసి చూడండి. మెసేజీల పక్కన, కామెంట్ల పక్కన మీరు కనిపించేది ఆ సైజులోనే. నా చొక్కా, గోడ రెండూ లేత రంగువి కావడంతో ఆ సైజులో తల ఒక్కటే గాల్లో తేలుతున్నట్టు కనిపించింది. ముదురు చొక్కా వేసుకుని మళ్లీ తీయించుకోవాల్సి వచ్చింది, ఓట్లు కూడా మళ్లీ అడిగాను. విసుగే, కానీ గంట పని.

ఇక బ్యానర్. దీంట్లో నేను రెండుసార్లు తప్పు చేశాను.

మొదట ఉచితంగా దొరికే ఫోటోల సైటు నుంచి కరచాలనం బొమ్మ తెచ్చి పెట్టాను. కొన్నాళ్లకు ఇంకో కన్సల్టెంటు పేజీలో అదే బొమ్మ కనిపించింది. అవే చేతులు, అదే చేతి గడియారం. అక్కడితో దాన్ని తీసేశాను. ఎవరివో చేతులు చూపించి నన్ను నమ్మమనడంలో అర్థం లేదు.

రెండోసారి నిజంగా నాదే అయిన ఫోటో పెట్టాను, తెల్లబోర్డు ముందు నిలబడి వివరిస్తున్నది. ఇది ఇంకా ప్రమాదకరం. పెద్దది చేసి చూస్తే బోర్డు మీద క్లయింటు సరుకుల పేర్లు, నెలవారీ సంఖ్యలు చదవగలిగేలా ఉన్నాయి. గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టిన మనిషిని నేను! ఎవరూ గమనించకముందే తీసేశాను. పని చేస్తున్న ఫోటో పెట్టాలనుకుంటే ముందు దాన్ని పూర్తిగా జూమ్ చేసి బోర్డు, ల్యాప్‌టాప్ తెర, బల్ల మీది కాగితాలు, మెడలో గుర్తింపు కార్డు చూసుకోండి. అందులో ఇంకెవరైనా ఉంటే వాళ్లను అడగండి. క్లయింట్ల లోగోలు వరసగా పేర్చేవాళ్లు కూడా వాళ్ల అనుమతి ఉంటేనే పెట్టాలి.

ఇప్పుడున్నది చాలా సాదా. నా బల్ల మీద ఖాళీ స్టాకు కార్డులు, పెన్సిలు, ఒక కొలత టేపు. పక్కన ఒకే వాక్యం: "గోడౌన్‌లో ఎంత సరుకు ఉంచాలో లెక్క కట్టి చెబుతాను." అంతే. ముందు అక్కడ "వ్యూహాత్మక పరిష్కారాలు" అని ఏదో రాశాను, దానివల్ల నేనేం చేస్తానో ఎవరికీ తెలియలేదు. ఫోన్ నంబరు, ఐదారు సేవల జాబితా, సర్టిఫికెట్ల ముద్రలు బ్యానర్ మీద పెట్టకండి. ఆ సైజులో అవి చదవలేం, కరపత్రంలా ఉంటుంది.

కొలతలు చెబుతాను. లింక్డ్‌ఇన్ బ్యానర్ 1584 × 396 పిక్సెళ్లు, అంటే ఎత్తుకు నాలుగింతల వెడల్పు. ప్రొఫైల్ ఫోటో ఎడమ వైపు కింది భాగం మీదికి ఎక్కి కూర్చుంటుంది. నేను మొదట వాక్యాన్ని ఎడమ నుంచి మొదలుపెడితే సగం నా ముఖం వెనక్కి పోయింది. ఫోన్‌లో ఆ గుండ్రం ఇంకా ఎక్కువ చోటు తింటుంది. అందుకే ఎడమ మూడో వంతు ఖాళీగా వదిలేసి, అక్షరాలను కుడి వైపు, కాస్త పైకి పెట్టాను. కంప్యూటర్‌లో చూసి సరిపెట్టుకోకండి, ఫోన్ యాప్‌లో తెరిచి చూడండి. అక్షరాలున్న బొమ్మని PNG గా ఎక్కిస్తే అంచులు అంతగా మసకబారవు. రంగు విషయంలో పెద్దగా ఆలోచించలేదు, నా చొక్కా రంగుకి దగ్గరగా ఉండేది తీసుకున్నాను, రెండూ ఒకేచోట కనిపిస్తాయి కదా.

మీ దగ్గరున్న స్టూడియో ఫోటోని పూర్తిగా పక్కన పెట్టమనను. అది రెండేళ్ల లోపుదైతే, ముఖాన్ని నున్నగా చేయకపోతే, కొత్తగా తీసిన నాలుగింటితో కలిపి దాన్నీ పంపించండి. నేను చెప్పిన పద్ధతిలో ఓట్లు దానికే పడితే అదే పెట్టేయండి. మీకు నచ్చకపోయినా సరే. నా మూడో నంబరు ఫోటో నాకు ఇప్పటికీ నచ్చదు.