మూడింతలైన బార్ వెనక లెక్క

"అన్నా, అనంతపురంలో వేరుశనగ నూనె మిల్లువాళ్లు, వ్యాపార లెక్కలు విశ్లేషించే బీఐ ఉద్యోగం ఇంటర్వ్యూకి ఒక బార్ చార్ట్ ఇచ్చారు. అమ్మకాలు పోయిన ఏడు 92 లక్షలు, ఈ ఏడు 96 లక్షలు. బార్ మాత్రం మూడింతలు కనిపిస్తోంది. ఏం చెప్పాలి? ఓనర్లకు ఏ మెట్రిక్స్ చూపాలి?"

తమ్ముడూ, ముందు నిలువు అక్షం ఎక్కడ మొదలైందో చూడు. 90 లక్షల దగ్గర మొదలైతే బార్లు 2, 6 ఎత్తులో నిలబడతాయి, అందుకే మూడింతలు. అసలు పెరుగుదల 4.3 శాతమే. బార్‌లో కన్ను పొడవునే కొలుస్తుంది కాబట్టి అది సున్నా నుంచే మొదలవ్వాలి. లైన్ చార్ట్‌కు ఆ పట్టింపు లేదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నువ్వు మాత్రం "ధర ఎంత పెరిగింది?" అని అడుగు. లీటరు ధర 10 శాతం పెరిగిందనుకుందాం. 1.043ను 1.10తో భాగిస్తే 0.95. అంటే అమ్మిన నూనె 5 శాతం తగ్గింది! అక్షం సరిచేసినా ఈ సంగతి ఆ చార్ట్‌లో కనబడదు.

అందుకే ఓనర్లకు మూడే చూపించు: అమ్మిన లీటర్లు, లీటరుకు మిగిలే లాభం, గడువు దాటిన బాకీలు. ఒక్కోటి మారితే వాళ్లు ఏ నిర్ణయం మారుస్తారో కూడా చెప్పు. లీటర్లు తగ్గుతూ లాభం నిలిచి ఉంటే ధర తగ్గించాలా అన్నది వాళ్ల చర్చ. ఏ నిర్ణయానికీ పనికిరాని అంకె ఎంత అందంగా ఉన్నా తీసెయ్.