పీహెచ్ స్కేలులో ఒక్క అంకె తేడా అంటే ఎంత?

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నిమ్మరసం పీహెచ్ 2, పెరుగుది 4 అంటే నిమ్మరసం రెండింతలు ఆమ్లమనేనా?

కాదమ్మా, సుమారు వందింతలు. పీహెచ్ కొలిచేది ద్రవంలోని హైడ్రోజన్ అయాన్ల గాఢతను. ఒక్కో అంకె తగ్గినప్పుడల్లా ఆ గాఢత పదింతలు పెరుగుతుంది. మన బిర్యానీతో ఇచ్చే నిమ్మచెక్క రసం పీహెచ్ 2కి కాస్త పైన, పెరుగు చట్నీది 4కి కాస్త పైన ఉంటుంది. తేడా రెండు అంకెలు కాబట్టి 10 × 10 = 100. అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ లోపల ఉన్నది గుణకారం. చాలామంది తికమకపడేది ఇక్కడే.

మంచినీళ్లలాంటివి 7 దగ్గర ఉంటాయి. పాలు 7కి కొంచెం కింద, వంటసోడా కలిపిన నీళ్లు 8కి కాస్త పైన. 7 దాటితే క్షారం.

ఇంట్లో చూడాలంటే గిన్నెలో చిటికెడు పసుపు నీళ్లలో కలిపి, అందులో వంటసోడా వెయ్యి. పసుపు రంగు ఎర్రబారుతుంది. తర్వాత నిమ్మరసం కొద్దికొద్దిగా పిండితే బుస్సున నురగ వచ్చి, సోడా అంతా అయిపోయాక మళ్లీ పసుపు రంగు వస్తుంది. అయితే నిమ్మరసం, పెరుగు, పాలు, నీళ్లు, ఏది కలిపినా పసుపు పసుపుగానే ఉంటుంది. అంటే అది క్షారాన్ని పట్టిస్తుందే తప్ప అంకె చెప్పదు. అంకె సుమారుగా తెలియాలంటే స్కూల్ ల్యాబ్‌లో ఉండే యూనివర్సల్ ఇండికేటర్ పేపర్ కావాలి. దాన్ని ద్రవంలో ముంచి, వచ్చిన రంగును డబ్బా మీది రంగుల పట్టీతో పోల్చుకోవాలి. దశాంశాలతో సహా కావాలంటే మాత్రం పీహెచ్ మీటరే.