నాన్నగారి ఎఫ్‌డీ వడ్డీలో బ్యాంకు కోత ఎందుకు?

నాన్నగారికి 67 ఏళ్లు. పెన్షన్ నెలకు 45 వేలు, ఒకే బ్యాంకులో ఎఫ్‌డీల వడ్డీ ఏడాదికి 2.10 లక్షలు. పన్నేమీ లేదన్నారు, మరి బ్యాంకు టీడీఎస్ ఎందుకు కోసింది?

పన్ను లేదన్న మాట నిజమే. 2025-26కి పెన్షన్ 5.40 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేసి, వడ్డీ కలిపితే 6.75 లక్షలు. కొత్త పద్ధతిలో 4 లక్షలు దాటిన మొత్తంపై 5 శాతం చొప్పున 13,750 పడుతుంది గానీ, ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి రిబేటుతో అదంతా పోతుంది.

బ్యాంకుకు ఈ లెక్కంతా తెలియదు. సీనియర్ల వడ్డీ ఏడాదికి లక్ష దాటిందంటే 10 శాతం, అంటే ఆయనకు 21 వేలు, పట్టుకుంటుంది. వద్దనుకుంటే 2025 ఏప్రిల్‌లోనే, మొదటి వడ్డీ జమ కాకముందే, తనకు పన్ను పడదని రాసిచ్చే ఫారం 15హెచ్ ఇవ్వాల్సింది. ఏటా కొత్తగా, డిపాజిట్లున్న ప్రతి బ్యాంకుకూ విడిగా ఇవ్వాలి. గడువు తీరాకే డబ్బు చేతికొచ్చే ఎఫ్‌డీ మీదా ఏటా కోత పడుతుంది, చాలామంది పొరబడేది ఇక్కడే.

కోసి జమ కట్టేసిన సొమ్ము ఇక రిటర్న్ వేస్తేనే వెనక్కొస్తుంది. ఆయన పాన్ మీద జమైన పన్నులన్నీ చూపే ఫారం 26ఏఎస్‌లో ఆ 21 వేలు కనిపిస్తున్నాయో లేదో ముందు చూసుకోండి. 15హెచ్ ఇచ్చినా రిటర్న్ తప్పదు, ఆదాయం 4 లక్షలు దాటింది కదా. వడ్డీపై సీనియర్లకిచ్చే 50 వేల మినహాయింపు మాత్రం పాత పద్ధతి ఎంచుకున్నవాళ్లకే.