ఛాంబరా, ఫర్మా, కంపెనీనా: ముందు ఛాంబర్‌కి అయ్యే ఖర్చు లెక్కేద్దాం

ప్రశ్న: ఈ ఏడాదే ఐదేళ్ల లా కోర్సు పూర్తయింది. చేతిలో మూడు ఆఫర్లున్నాయి. హైకోర్టులో ఒక సీనియర్ లాయర్ ఛాంబర్‌లో నెలకు 15 వేలు, ఒక కార్పొరేట్ లా ఫర్మ్‌లో నెలకు లక్ష, ఒక కంపెనీ లీగల్ టీమ్‌లో ఏడాదికి 9 లక్షల సీటీసీ. ఎడ్యుకేషన్ లోన్ 8 లక్షలుంది, కొన్ని నెలల్లో ఈఎంఐ మొదలవుతుంది. నాకు కోర్టులో వాదించాలనే ఉంది, జడ్జి పరీక్ష కూడా రాయాలనుకుంటున్నాను. జీతం, నేర్చుకోవడం, పని గంటలు అన్నీ చూసుకుంటే ఏది తీసుకోవాలి?

జవాబు: ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, లెక్కలు తర్వాత చూద్దాం. ఫర్మ్ తీసుకోండి, అదీ డిస్ప్యూట్స్ టీమ్‌లో, అంటే కోర్టు కేసులూ ఆర్బిట్రేషన్లూ చూసే విభాగంలో వేస్తామంటేనే. అక్కడ ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లు ఉండండి. తర్వాత ఛాంబర్‌కి వెళ్లండి. కంపెనీ ఉద్యోగం మంచిదే, కానీ మీకు ఇది దాని సమయం కాదు.

లక్ష, 9 లక్షల సీటీసీ, 15 వేలు అనే మూడు అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు పక్కపక్కన పెట్టి చూడొద్దు. సీటీసీ అంటే మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, చేతికొచ్చే డబ్బు కాదు. మీ ఆఫర్ లెటర్ నేను చూడలేదు కాబట్టి మామూలుగా ఉండే పద్ధతిలో వేస్తున్నాను. బేసిక్ సగం, అంటే 4.5 లక్షలు అనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ 54 వేలు, గ్రాట్యుటీ కింద చూపేది దాదాపు 21,600, వేరియబుల్ పే 90 వేలు తీసేస్తే మిగిలేది 7.34 లక్షలు, అంటే నెలకు 61 వేల చిల్లర. అందులోంచి మీ వాటా పీఎఫ్ 4,500, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 56 వేల ఐదొందలు వస్తుంది. పీఎఫ్ రెండు వాటాలూ మీ సొమ్మే కాబట్టి అవి కూడా కలిపి 65 వేల ఐదొందలు అనుకోండి.

ఇప్పుడు గంటలు చూడండి. డీల్స్ ఉన్న ఫర్మ్‌లో వారానికి 65 గంటలు పని ఉండటం మామూలే, కంపెనీలో 48, ఛాంబర్‌లో ఉదయం కాన్ఫరెన్స్, పగలు కోర్టు, సాయంత్రం మళ్లీ ఛాంబర్ కలిపి 60 అనుకుందాం. ఆ లెక్కన ఫర్మ్‌లో గంటకు సుమారు 355 రూపాయలు, కంపెనీలో 315, ఛాంబర్‌లో 58. చూశారా, ఫర్మ్‌కీ కంపెనీకీ మధ్య ఉందనుకున్న పెద్ద తేడాలో ఎక్కువ భాగం మీరు అదనంగా కూర్చునే గంటలదే. ఫర్మ్‌లో వారానికి 80 గంటలు పడితే గంటకు సుమారు 288కి దిగుతుంది, కంపెనీ కంటే తక్కువ. అందుకే ఆఫర్ ఒప్పుకునే ముందు అదే టీమ్‌లో ఉన్న జూనియర్లను ఇద్దరిని అడగండి, పోయిన నెలలో ఎన్ని రోజులు రాత్రి పది దాటాక ఇంటికి వెళ్లారు, ఎన్ని ఆదివారాలు పనిచేశారు అని. పార్ట్‌నర్‌ని అడిగితే ఈ జవాబు రాదు.

అయినా నేను ఫర్మ్ అంటున్నది ఎందుకంటే, మీకు కావాల్సింది ఛాంబర్, ఛాంబర్‌కి వెళ్లాలంటే ముందు కొంత డబ్బు పోగు కావాలి. ఎంత కావాలో కచ్చితంగా లెక్కేయొచ్చు. చాలామంది దీన్ని 'కొన్నేళ్లు కష్టపడాలి' అని గాల్లో వదిలేస్తారు, తర్వాత ఏడాది తిరక్కముందే డబ్బు టెన్షన్‌తో ఛాంబర్ వదిలేసి ఏ ఉద్యోగం దొరికితే అందులో చేరిపోతారు.

లెక్క ఇదీ. 8 లక్షల లోన్ 10 శాతం వడ్డీకి పదేళ్లయితే ఈఎంఐ సుమారు 10,570. గది అద్దె, తిండి, ప్రయాణం, హెల్త్ ఇన్సూరెన్స్, పుస్తకాలు కలిపి పొదుపుగా 23,500 అనుకుందాం. మొత్తం 34 వేలు. వచ్చేది 15 వేలు, నెలకు లోటు 19 వేలు. మొదటి రెండేళ్లకు 4.56 లక్షలు. మూడో ఏడాది సొంత కేసులు కొన్ని వచ్చి లోటు సగమైందనుకుంటే ఇంకో 1.14 లక్షలు. మొత్తం 5.7 లక్షలు. ఛాంబర్‌కి మీరు కట్టాల్సిన ధర ఇదే. మీ అద్దె, వడ్డీ వేరుగా ఉంటే ఆ అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

లోన్‌ను పదిహేనేళ్లకు సాగదీసుకుంటే సరిపోతుందని ఎవరో ఒకరు చెప్తారు. అప్పుడు ఈఎంఐ 8,600 అవుతుంది, నెలకు తగ్గేది రెండు వేలే, కానీ మొత్తం మీద కట్టే వడ్డీ దాదాపు 2.8 లక్షలు పెరుగుతుంది. మీ లోటు 19 వేలు ఉన్నప్పుడు ఆ రెండు వేల వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇక ఫర్మ్ డబ్బు. మీ లక్ష 'జీతం' పేరుతో వస్తుందా, 'రిటైనర్ ఫీజు' పేరుతో వస్తుందా అన్నది లెటర్‌లో చూడండి. చాలా ఫర్మ్‌లు అసోసియేట్లను రిటైనర్ పద్ధతిలోనే, అంటే ఉద్యోగిగా కాకుండా నెలనెలా ఫీజు తీసుకునే లాయర్‌గానే పెట్టుకుంటాయి. అప్పుడు 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కోసి 90 వేలు ఇస్తారు. లాయర్లకు ప్రిజంప్టివ్ పద్ధతి ఉంది, ఫీజు రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు. ఏడాదికి 12 లక్షల ఫీజు మీద 6 లక్షల ఆదాయం, 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి వేరే ఆదాయం లేకపోతే పన్ను సున్నా. కోసిన 1.2 లక్షలు రిటర్న్ వేశాక తిరిగొస్తాయి. కానీ ఇందులో పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు, చాలాచోట్ల ఇన్సూరెన్సూ ఉండదు, అవి మీరే చూసుకోవాలి. ఇంకో జాగ్రత్త, ఒప్పందం పైకి రిటైనర్ అని ఉండి లోపల షరతులన్నీ ఉద్యోగానివే అయితే పన్ను శాఖ ప్రశ్నించే వీలుంది, అందుకే ఒప్పందం ఒకసారి సీఏకి చూపించండి.

90 వేలలో ఈఎంఐ, ఇంటి ఖర్చు, ఇన్సూరెన్స్ కలిపి 50 వేల లోపు ఆపగలిగితే నెలకు 40 వేలు మిగులుతాయి. ఏడాదిన్నరకు 7.2 లక్షలు, దానికి మొదటి ఏడాది టీడీఎస్ వాపసు అదనం. ఛాంబర్‌కి కావాల్సిన 5.7 లక్షలు వచ్చేసినట్టే, మిగిలింది జ్వరమో ప్రమాదమో వస్తే అక్కరకొస్తుంది. ఈ డబ్బు విడిగా రికరింగ్ డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో ఉంచండి. ఏడాదిన్నరలో తీయాల్సిన డబ్బును షేర్లలో పెట్టొద్దు.

ఈ ప్లాన్ ఎక్కడ చెడిపోతుందో కూడా చెప్తాను. లక్ష వస్తుంటే ఆఫీసు దగ్గర పెద్ద ఫ్లాట్, తర్వాత కారు ఈఎంఐ, ఆ గంటలు పనిచేసి వంట చేసుకునే ఓపిక లేక రోజూ బయటి తిండి. రెండేళ్లు తిరిగేసరికి ఖర్చు 75 వేలకు చేరితే ఛాంబర్ లోటు 19 వేలు కాదు, 60 వేలు. అప్పుడు ఎంత ఇష్టమున్నా వెళ్లలేరు. కాబట్టి మీ నెల ఖర్చు, ఈఎంఐతో కలిపి, 50 వేలు దాటి వరసగా మూడు నెలలు ఉందంటే దాన్ని హెచ్చరికగా తీసుకోండి.

ఇప్పుడు జీతం కంటే నాకు పెద్దదిగా కనిపిస్తున్న విషయం. బార్ కౌన్సిల్ నియమాల్లో రూల్ 49 ప్రకారం ప్రాక్టీస్ చేస్తున్న లాయర్ ఎవరి దగ్గరా ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగిగా ఉండకూడదు, చేరితే బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీస్ ఆపేయాలి. కంపెనీ లీగల్ టీమ్‌లో చేరితే జరిగేది ఇదే. మరోవైపు 2025 మే 20న సుప్రీంకోర్టు సివిల్ జడ్జి (జూనియర్ డివిజన్) పోస్టులకు కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని తీర్పిచ్చింది. ఆ మూడేళ్లు ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా తాత్కాలికంగా నమోదైన తేదీ నుంచి లెక్క. పదేళ్ల అనుభవమున్న లాయర్ సర్టిఫికెట్ ఇస్తే, దాని మీద జ్యుడీషియల్ అధికారి సంతకం ఉండాలి. అంటే కంపెనీలో గడిపే కాలం మీ జడ్జి పరీక్ష లెక్కలోకి రాదు. 9 లక్షల ఆఫర్ పక్కన ఈ నష్టం కూడా రాసుకోండి.

ఫర్మ్‌లో డిస్ప్యూట్స్ టీమే కావాలని పట్టుబడుతున్నదీ అందుకే. కంపెనీల కొనుగోళ్ల టీమ్‌లో వేస్తే రెండేళ్లూ డ్యూ డిలిజెన్స్‌తోనే, వందల ఒప్పందాలు చదివి తప్పులు పట్టడంతోనే గడుస్తుంది. అందులో నేర్చుకునేది ఉంది, ఒక్క పదం మారితే ఎవరి మీద బాధ్యత పడుతుందో కంటికి ఆనుతుంది. కానీ ఆ పనికి కోర్టు ప్రాక్టీస్ అని సర్టిఫికెట్ ఎవరిస్తారు? డిస్ప్యూట్స్‌లో అయితే పిటిషన్, కౌంటర్ రాస్తారు, రిజిస్ట్రీ వేసిన అభ్యంతరాలు సరిచేస్తారు, వకాలతులో మీ పేరు ఉండొచ్చు, సీనియర్లకు బ్రీఫ్ చేస్తారు. రేపు మీరు చేరాలనుకునే ఛాంబర్ వాళ్లకు అప్పటికే మీ పని తెలిసి ఉంటుంది.

కంపెనీలో పని గంటలు బావుంటాయి, అది నిజం. కానీ చిన్న లీగల్ టీమ్‌లో కొత్తవాళ్ల డ్రాఫ్ట్ మీద ఎర్ర సిరాతో కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. నాలుగైదేళ్ల అనుభవంతో వెళ్తే ఆ ఉద్యోగమే ఎక్కువ జీతంతో వస్తుంది. ఇంట్లో మీ జీతం మీదే పూట గడవాల్సిన పరిస్థితి ఉండి, ఫర్మ్ గంటలు ఒంటికి పడకపోతే మాత్రం నిరభ్యంతరంగా తీసుకోండి.

ఛాంబర్ విషయంలో ఒక మాట. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వమని సర్క్యులర్ ఇచ్చింది, కానీ అది సిఫార్సు మాత్రమే. దాన్ని చూపించి సీనియర్‌తో బేరమాడటం కంటే ఇంకో మూడు విషయాలు అడగండి. సొంత కేసులు తీసుకోనిస్తారా, వాయిదాలకు నేనే కోర్టులో నిలబడొచ్చా, నేను రాసిన డ్రాఫ్ట్ మీద మీరు దిద్దుతారా? మూడింటికీ అవునంటే 15 వేలైనా ఆ చోటు వదులుకోవద్దు. ఏడాదిన్నర తర్వాత వస్తే చేర్చుకుంటారా అని కూడా ఇప్పుడే మర్యాదగా అడిగి ఉంచండి.

ఈ వారం చేయాల్సింది రెండు పనులు. ఎన్‌రోల్‌మెంట్‌కి అప్లై చేయండి, ఎందుకంటే మీ మూడేళ్ల గడియారం ఆ తేదీ నుంచే మొదలవుతుంది. 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదు. రెండోది, ఫర్మ్‌కి ఈమెయిల్ పెట్టండి, ఏ టీమ్, రిటైనరా జీతమా, ఎన్‌రోల్‌మెంట్ కొనసాగించుకోవచ్చా అని. ఈ మూడింటికీ జవాబు రాతపూర్వకంగా రావాలి. డిస్ప్యూట్స్ ఇవ్వము అంటే, ఇంట్లోవాళ్లు అప్పు చేయకుండా నెలకు 19 వేలు మూడేళ్లు సర్దగలరేమో కూర్చుని మాట్లాడండి. సర్దగలిగితే ఫర్మ్ వద్దని చెప్పి నేరుగా ఛాంబర్‌లో చేరండి. సర్దలేకపోతే వాళ్లిచ్చే టీమ్‌లోనే చేరి, 5.7 లక్షలు జమైన నెలలోనే నోటీసు ఇచ్చేయండి.