ప్యాంటు పీసు మీద 250 జీఎస్ఎం అని ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: షర్టు పీసు చూపిస్తూ ‘100 కౌంట్’ అంటున్నారు. ప్యాంటు పీసు మీద 250 జీఎస్ఎం అని ఉంది. ఆన్‌లైన్లో త్రెడ్ కౌంట్ అని ఇంకోటి రాస్తున్నారు. ఈ నంబర్లు చూసి గుడ్డ ఎలా కొనాలి? ఉండేది శ్రీకాకుళం. రోజూ బండి మీద ముప్పై కిలోమీటర్లు తిరగాలి.

జవాబు: మాది విజయనగరం. బట్టల కొట్టులో పన్నెండేళ్లు పనిచేశాను. ఈ మూడు నంబర్లను కలిపేసి చెప్పే సేల్స్‌మన్లలో మొదట్లో నేనూ ఒకడిని.

ముందు ఆ ‘100 కౌంట్’ సంగతి. కొట్టులో కౌంట్ అంటే సాధారణంగా నూలు సన్నదనం. మిల్లు నూలు లెక్కలో ఒక పౌను బరువుకు 840 గజాల నూలు చుట్టలు, అంటే చిలపలు, ఎన్ని వస్తే అది ఆ నూలు నంబరు. 40 నంబరుకు నలభై చిలపలు, 100 నంబరుకు వంద. అంటే అర కిలో కూడా లేని దూదిలోంచి 77 కిలోమీటర్ల దారం. మీ ఊరి నుంచి మా ఊరిదాకా పరుచుకుంటూ రావచ్చు. నంబరు పెరిగితే పోగు సన్నం, అంతే. మన పొందూరు ఖాదీలో చెప్పే నంబరు కూడా సన్నదనమే, కానీ ఖాదీలో వెయ్యి మీటర్ల చిలపతో లెక్క కడతారు. అందుకని మిల్లు నంబరునీ ఖాదీ నంబరునీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

త్రెడ్ కౌంట్ వేరు. అంగుళం వెడల్పులో ఉన్న పడుగు, అంటే నిలువు పోగులు, అంగుళం పొడవులో ఉన్న పేక, అంటే అడ్డం పోగులు కలిపిన సంఖ్య అది. నేత ఎంత దగ్గరగా ఉందో చెబుతుంది. రెండు దారాలు పేనిన పోగును ఒకటిగా లెక్కపెట్టాలి. రెండుగా లెక్కేసి పెద్ద సంఖ్య అచ్చువేసే వాళ్లూ ఉన్నారు.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో అది. షర్టా, ప్యాంటా అన్నది మొదట తేల్చేది ఈ నంబరే. కానీ ఆ బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందో అది చెప్పదు. ఈ ముక్క నాకు నా ప్యాంటు కుట్టు దగ్గర విచ్చుకున్నాక గానీ అర్థం కాలేదు.

కొట్టులో చేరకముందు, ఒక ఇంటర్వ్యూ కోసం రెండు కాటన్ ప్యాంటు పీసులు కొన్నాను. ఒకటి బ్రౌన్, ఒకటి బూడిద రంగు. రెండింటి మీదా 250 అనే ఉంది. చేతికి కూడా రెండూ ఒకేలా గట్టిగా ఉన్నాయి. బూడిద రంగుది మీటరుకు బాగా తక్కువ ధర కావడంతో లాభం కొట్టేశాననుకున్నాను. మూడు నెలలకు దాని వెనక కుట్టు దగ్గర నోరు తెరుచుకుంది. కుట్టిన దారం తెగలేదు, గుడ్డా చిరగలేదు. పోగులే కుట్టు నుంచి పక్కకు జారిపోయి, సందులోంచి లోపలి చొక్కా కనిపిస్తోంది. బస్సులో నిలబడి ప్రయాణం చేసిన రోజు అది, టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు.

మా టైలరు చూసి, “గుడ్డ కాదు బాబూ ఇది, గంజి” అన్నాడు. కుట్టగా మిగిలిన ముక్కలు ఆయన దగ్గరే ఉన్నాయి. రెండింటి నుంచీ స్కేలు పెట్టి సరిగ్గా 10 సెంటీమీటర్ల చదరం ముక్కలు కత్తిరించి, అంచులు ఊడకుండా చుట్టూ సన్నగా ఒక కుట్టు వేశాం. అది చదరపు మీటరులో వందో వంతు, అందుకని గ్రాముల్లో వచ్చిన బరువును వందతో గుణిస్తే జీఎస్ఎం. వంటింటి తూకం ఇంత చిన్న బరువుకు పనికిరాదు. తెలిసిన కంసాలి కాటా మీద పెట్టించాను. బ్రౌన్ 2.53 గ్రాములు, బూడిద రంగు 2.51. లేబుల్ అబద్ధం చెప్పలేదు.

తర్వాత రెండింటినీ వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, ఆరబెట్టి, మళ్లీ తూచాం. బ్రౌన్ 2.47 ఉంది. బూడిద రంగు 2.17కి దిగింది. చదరపు మీటరుకు 34 గ్రాముల గంజికి నేను గుడ్డ ధర కట్టానన్నమాట. ఒకే ముక్కను ముందూ తర్వాతా తూచాలి. ఉతికాక కొత్తగా 10 సెంటీమీటర్లు కత్తిరించి తూస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే గుడ్డ ముడుచుకుని దగ్గరవడంతో చదరపు మీటరు బరువు పెరిగినట్టు కనిపిస్తుంది.

ఆపైన టైలరు భూతద్దంతో అంగుళంలో పోగులు లెక్కపెట్టాం. బ్రౌన్‌లో పడుగు 128, పేక 60. బూడిద రంగులో 62, 46. అప్పుడు కథ అర్థమైంది. మొదటిదాంట్లో సన్నటి పోగులు కిక్కిరిసి ఉన్నాయి. రెండోదాంట్లో లావు పోగులు దూరదూరంగా నేసి, మధ్య ఖాళీని గంజితో నింపారు. ఉతుకులకు గంజి పోయాక పోగుల్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. కూర్చున్నప్పుడు కుట్టు మీద లాగుడు పడగానే జారాయి. మోకాళ్ల దగ్గర సంచిలా సాగింది కూడా అందుకే. బ్రౌన్ ప్యాంటు నాలుగేళ్లు తొడిగాను, చివరికి మడమ దగ్గర అంచు అరిగి పక్కన పెట్టాను.

కొట్టులో కంసాలి కాటా ఉండదు కాబట్టి ఇలా చూడండి. గుడ్డను రెండు బొటనవేళ్లతో నొక్కిపట్టి ఎదురెదురుగా లాగి వదలండి. పోగులు పక్కకు జరిగి గీతలా సందు మిగిలితే ఆ పీసు ప్యాంటుకు వద్దు. మూలను అరచేతుల మధ్య గట్టిగా నలిపినప్పుడు తెల్లటి పొడి రాలినా, నలిపిన చోటు ఒక్కసారిగా మెత్తబడినా గంజి ఎక్కువుందని. పోగులు లెక్కపెట్టాలంటే స్కేలు పక్కన పెట్టి ఫోన్లో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసుకోండి, అర అంగుళం లెక్కించి రెట్టింపు చేసినా చాలు. లేబుల్ లేకపోతే మొత్తం పీసు తూయించండి. 58 అంగుళాల పన్నాలో 1.3 మీటర్లంటే 1.92 చదరపు మీటర్లు. 250 జీఎస్ఎం అయితే దాదాపు 480 గ్రాములు తూగాలి.

మీ అవసరానికి కాటన్ ప్యాంటు 230 నుంచి 260 మధ్య, ట్విల్ నేతలో తీసుకోండి. ట్విల్‌లో గుడ్డ మీద ఏటవాలు గీతలు కనిపిస్తాయి. పోగులు బ్రౌన్ పీసుకు దగ్గర్లో ఉంటే బండి సీటు రాపిడికి నిలుస్తుంది. 300 దాటితే జీన్స్ బరువులోకి వెళ్తారు, మన వైపు వైశాఖంలో తొడల దగ్గర చెమట ఆరదు.

షర్టుకు 110 నుంచి 125 జీఎస్ఎం. 40 నంబరు నూలుతో 133, 72 పోగుల పాప్లిన్ సుమారుగా ఇక్కడే పడుతుంది. తెల్లది 100 జీఎస్ఎం కన్నా తక్కువైతే లోపలి బనీను కనిపిస్తుంది. ఆ 100 కౌంట్ పీసు మెత్తగా బాగుంటుంది, పెళ్లికి కుట్టించుకోండి. రోజూ బ్యాగు పట్టీ భుజం మీద రాసుకునే పనికైతే నేను కొనను. ఇంకోటి, ఈ నంబర్లేవీ పీచు సంగతి చెప్పవు. 120 జీఎస్ఎం పాలిస్టర్ చొక్కా కన్నా 150 జీఎస్ఎం కాటన్ చొక్కా మన ఉక్కలో హాయిగా ఉంటుంది. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి: కాగితం వాసనతో బూడిదైతే కాటన్, కరిగి నల్లటి గట్టి పూస అయితే పాలిస్టర్. కొట్టు బయట మాత్రమే సుమా.